నియమభంగ ప్రయోగాలు (ఎత్నోమెథడాలజీ)

ఎత్నోమెథడాలజీ సమాజ శాస్త్రంలో ఒక శాఖ. సామాన్య ప్రజలు తమ నిత్య వ్యవహారాలను ఒకరికొకరు అర్థమయ్యేలా, క్రమంగా నడుపుకొనుటకు వాడే పద్ధతులను ఇది పరిశీలిస్తుంది. ఈ పద్ధతులు ఎక్కడా వ్రాసి ఉండవు, ఎవరూ పనిగట్టుకొని నేర్పరు. అవి సాఫీగా సాగుతున్నంత కాలం కంటికి కనిపించవు కూడా. అందువలన వాటిని బయటపెట్టుటకు ఒక చిన్న నియమాన్ని కావాలని ఉల్లంఘించి, చుట్టూ ఉన్నవారు ఏమి చేస్తారో గమనిస్తారు. దీనినే నియమభంగ ప్రయోగం అంటారు. ఈ వ్యాసంలో వరుసలో (క్యూలో) నిలబడటాన్ని ప్రధాన ఉదాహరణగా తీసుకొని ఈ ప్రయోగాలు వివరించబడ్డాయి.

## పుట్టుక

ఈ శాఖను స్థాపించినవాడు అమెరికా సమాజ శాస్త్రవేత్త హెరాల్డ్ గార్ఫింకెల్ (1917–2011). ఆయన లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. 1954 ప్రాంతంలో న్యాయస్థానపు జ్యూరీ సభ్యుల చర్చలను పరిశీలిస్తుండగా ఆయనకు ఒక విషయం తోచింది. ఆ సభ్యులు న్యాయవాదులు కారు. అయినా ఏది సాక్ష్యం, ఏది అభిప్రాయం, ఏది న్యాయం అని తమదైన పద్ధతిలో తేల్చుకొంటున్నారు. ప్రజల చేతిలో ఉన్న ఇటువంటి పద్ధతుల అధ్యయనానికే ఆయన ఈ పేరు పెట్టాడు. పేరును బట్టి ఇది పరిశోధకులు వాడే ఒక పరిశోధనా విధానమని పొరబడే అవకాశం ఉంది. ఇక్కడ పద్ధతులు ప్రజలవి. పరిశోధకుడు వాటిని చూసేవాడు మాత్రమే.

1967లో వెలువడిన ఆయన గ్రంథంలో నియమభంగ ప్రయోగాలు ప్రసిద్ధమైనవి. ఒక ప్రయోగంలో విద్యార్థులు తమ సొంత ఇంట్లోనే పదిహేను నిమిషాల నుండి గంట వరకు అద్దెకు దిగినవారివలె మర్యాదగా మెలగాలి. చిక్కడపల్లిలోని ఒక ఇంట్లో కొడుకు తల్లితో "అమ్మగారూ, కొంచెం మంచినీళ్ళు ఇప్పించగలరా?" అని అడిగాడనుకుందాం. తల్లి ఆ మర్యాదకు సంతోషించదు. "ఏమైందిరా నీకు? ఒంట్లో బాగాలేదా? ఎవరితోనైనా గొడవపడ్డావా?" అంటుంది. గార్ఫింకెల్ విద్యార్థుల ఇళ్ళలోనూ ఇదే జరిగింది. కుటుంబ సభ్యులు కలవరపడ్డారు, కోపగించారు, ఆపై జబ్బు చేసిందనో చదువు ఒత్తిడనో ఒక కారణం వెదికారు. క్రమం తప్పినపుడు దానికి వెంటనే ఒక కారణం అంటగట్టి తిరిగి క్రమాన్ని నిలబెట్టుకొనుటే ప్రజల పద్ధతులలో ముఖ్యమైనది.

## వరుస లేని వరుస: ఒక ఉదాహరణ

హైదరాబాదులో చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం, దాని చుట్టుపక్కల అశోక్ నగర్ వీధులు పోటీ పరీక్షలకు చదువుకొనే అభ్యర్థులకు నిలయాలు. ఇక్కడి ఒక జిరాక్స్ దుకాణాన్ని ఊహించుకుందాం. దరఖాస్తుకు చివరి రోజు. కౌంటరు ముందు ఎనిమిది మంది ఉన్నారు. వారు ఒకరి వెనుక ఒకరు లేరు, గుంపుగా ఉన్నారు. అయినా వరుస ఉంది. తాను వచ్చేసరికి ఎవరెవరు ఉన్నారో ప్రతి ఒక్కరికీ గుర్తే. అంటే ఇక్కడ వరుస నేలమీద లేదు, నిలబడినవారి జ్ఞాపకంలో ఉంది. దుకాణదారు "ఎవరిది ముందు?" అని అడిగితే రెండు మూడు చేతులు ఒకే మనిషిని చూపుతాయి.

ఇపుడు ఒకడు వచ్చి నేరుగా తన పుస్తకాన్ని కౌంటరుపై పెడతాడు. మొదట అందరూ అతనివైపు, తరువాత ఒకరివైపు ఒకరు చూస్తారు. ఆపై ఒకరు "భయ్యా, ఇక్కడ లైన్ ఉంది, కనిపిస్తలేదా?" అంటారు. నిజానికి కంటికి కనిపించే లైన్ ఏదీ లేదు. ఆ మాట ఉన్నదాన్ని వర్ణించుట లేదు, లైన్‌ను అప్పటికపుడు నిలబెడుతోంది.

అదే మనిషి "అన్నా, ఒక్క పేజీయే" అని ఉంటే బహుశా దారి ఇచ్చేవారు. ఎన్ని పేజీల వరకు మినహాయింపు అని అడిగితే ఎవరూ చెప్పలేరు. రెండైతే సరే, నలభై అయితే కాదు, మధ్యలో గీత ఎక్కడో తెలియదు. "ముందు వచ్చినవారికి ముందు" అనే సూత్రం చివర "వగైరా" అనే మాట కనిపించకుండా ఉంటుందని, దాన్ని సందర్భాన్ని బట్టి మనుషులే పూరించుకొంటారని గార్ఫింకెల్ వాదన. కావున నియమాన్ని అక్షరాలా పాటించుట కూడా నియమభంగమే కాగలదు. వృద్ధుడొకరు ఒక్క పేజీతో వస్తే "మీరు తొమ్మిదోవారు, ఆగండి" అన్నవాడినే అందరూ వింతగా చూస్తారు.

## మిల్‌గ్రామ్ కొలిచినది

వరుసను భంగపరచి ఫలితాన్ని లెక్కించినవాడు స్టాన్లీ మిల్‌గ్రామ్. ఆయన ఎత్నోమెథడాలజిస్టు కాదు, సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త. ఆయన బృందం 1986లో ప్రచురించిన పరిశోధనలో న్యూయార్కు నగరంలోని 129 వరుసలలో సహాయకులు మధ్యలో దూరారు. దూరే వ్యక్తి మూడవ, నాల్గవ మనుషుల నడుమ ప్రవేశించి, "క్షమించండి, నేనిక్కడ నిలబడాలి" అన్న అర్థం వచ్చే ఒక్క మాట చెప్పి నిలబడతాడు. ఎవరైనా వెళ్ళమంటే వెళ్ళిపోతాడు, లేదా ఒక నిమిషం తరువాత తనంతట తానే తప్పుకొంటాడు.

ఒక్కరు దూరినపుడు సుమారు 54 శాతం వరుసలలో అభ్యంతరం వచ్చింది. ఇద్దరు దూరినపుడు అది 91 శాతానికి పెరిగింది. తరువాత పరిశోధకులు దూరే చోటుకు సరిగ్గా వెనుక ఇద్దరు తమ మనుషులను ముందే మామూలు వినియోగదారులవలె నిలబెట్టి, వారిని మౌనంగా ఉండమన్నారు. అపుడు ఒక్కరు దూరితే అభ్యంతరం 5 శాతానికి పడిపోయింది. వెనుకవారికి జరిగిన నష్టం మాత్రం తగ్గలేదు.

దీనిని బట్టి, దూరినవాని వెంటనే వెనుక ఉన్న వ్యక్తిపై అడిగే బాధ్యత ఉన్నట్లు మిగిలినవారు భావిస్తారని తెలుస్తుంది. అతడు ఊరుకొంటే, దూరినవాడు అతనికి తెలిసినవాడేమో అని వెనుకవారు సర్దుకొంటారు. ముందున్నవారు కూడా కొన్నిసార్లు అభ్యంతరం చెప్పారు. వారికి పోయేదేమీ లేదు గనుక, వరుస కేవలం సమయపు లెక్క కాదని, అందులో న్యాయాన్యాయాల భావన ఉందని గ్రహించవచ్చు.

## చెప్పుల వరుస

2025లో తెలంగాణలో యూరియా కొరత ఏర్పడినపుడు అనేక చోట్ల రైతులు తమ బదులు చెప్పులను, పట్టాదారు పాసుపుస్తకాలను వరుసలో పెట్టారు. బస్సు సీటుపై రుమాలు వేయుట కూడా ఇటువంటిదే. చెప్పులను ప్రక్కకు నెట్టుట కష్టమేమీ కాదు. చుట్టూ ఉన్నవారు వాటిని మనిషిగా లెక్కించుట వలననే ఆ చోటు నిలుస్తుంది. యజమాని ఎంతసేపు దూరంగా ఉండవచ్చు, బస్తాలు ఇచ్చే వేళకు రాకపోతే ఏమగును అన్నవి మాత్రం అక్కడివారే తేల్చుకోవాలి.

## పరిమితులు

ఒక్క నియమభంగంతో నియమం రుజువు కాదు. దూరినవాడిని ఎవరూ అడగనంత మాత్రాన అక్కడ నియమం లేదని చెప్పరాదు. భయం, తొందర, దూరినవాని హోదా, లేదా మిల్‌గ్రామ్ చూపినట్లు ప్రక్కవాని మౌనం కారణం కావచ్చు. అందువలన మాటలనే గాక చూపులను, గొణుగుడును, ముందుకు జరిగి సందు మూసివేయుటను కూడా నమోదు చేయాలి. గార్ఫింకెల్ స్వయంగా వీటిని రుజువులుగా కాక, మందగించిన ఊహకు ఊతంగానే పరిగణించాడు.

ఈ ప్రయోగాలలో పాల్గొన్నవారి అనుమతి ముందుగా తీసుకొనుట సాధ్యం కాదు. జిరాక్స్ దుకాణం ముందు చివరి రోజున నిలబడిన అభ్యర్థికి పది నిమిషాల ఆలస్యం దరఖాస్తునే పోగొట్టవచ్చు. అటువంటి చోట తానుగా వరుసను భంగపరచుట కంటే, సహజంగా జరిగే భంగాలను గమనించుట మేలు.