బొమ్మ నుండి సమీకరణానికి: ముద్రిత గణిత సూత్రాల యంత్ర గుర్తింపు - చారిత్రక పరిశీలన

ముద్రిత పుటను యంత్రం చేత చదివించే ప్రయత్నాలలో గణిత సూత్రం చాలాకాలం మిగిలిపోయిన భాగం. చుట్టూ ఉన్న వాక్యాలు దిద్దదగిన పాఠంగా మారేవి; సూత్రం మాత్రం బొమ్మగానే వర్డ్ ఫైలులో నిలిచేది. చూపున్నవారికి ఇది చిన్న అసౌకర్యం. తెరపాఠాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేరుపై ఆధారపడే అంధ విద్యార్థికి మాత్రం ఆ చోట మౌనమే ఎదురవుతుంది.

1960ల చివర హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ ఆండర్సన్ చేతితో విడివిడిగా రాసిన సూత్రాల నిర్మాణాన్ని వ్యాకరణ నియమాలతో విశ్లేషించాడు. అయితే ఏ గుర్తు ఏదో ముందే తెలిసిపోయిందన్న ఊహపై ఆ పద్ధతి నడిచింది. అసలు చిక్కు ఆ ఊహలోనే దాగి ఉంది. గుర్తును పోల్చుకోవాలంటే దాని స్థానం తెలియాలి. స్థానాన్ని నిర్ణయించాలంటే గుర్తు తెలియాలి.

వర్గ సమీకరణపు మూలాలనిచ్చే సూత్రాన్నే తీసుకుందాం. ముద్రిత రూపంలో అందులో ఎనిమిది అడ్డగీతలు ఉంటాయి: సమాన చిహ్నంలో రెండు, ± లో రెండు, రుణ చిహ్నాలు రెండు, వర్గమూలపు పైగీత, భిన్నరేఖ. ఆకారంలో అన్నీ గీతలే. పైనా కిందా గుర్తులున్న పొడవాటి గీత భిన్నరేఖ అనీ, పక్కల మాత్రమే గుర్తులున్నది రుణ చిహ్నమనీ పరిసరాలను బట్టే తేల్చాలి. 4ac లోని c మరింత ఇబ్బంది పెడుతుంది. మామూలు పరిమాణంలోని చిన్న c, పాదసూచికగా కుదించిన పెద్ద C దాదాపు ఒకే ఎత్తులో ఉంటాయి. (ఒత్తులను అక్షరం కింద చదవడానికి అలవాటుపడిన తెలుగు పాఠకుడికి, వరుస దిగితే విలువ మారుతుందన్న సంగతి వింతగా తోచదు.)

జపాన్‌లోని క్యుషు విశ్వవిద్యాలయంలో గణితవేత్త మసకజు సుజుకి నాయకత్వాన సాగిన ఇన్ఫ్టీ ప్రాజెక్టు ఈ ముడిని విప్పిన తీరు గమనించదగినది. ఎతో, సుజుకి 2001లో ప్రతిపాదించిన పద్ధతిలో ఏ గుర్తునూ తొందరపడి ఖాయం చేయరు. ప్రతి ఆకారానికీ రెండు మూడు అభ్యర్థులను నిలిపి ఉంచి, పక్కపక్క గుర్తుల మధ్య సాధ్యమైన ప్రతి సంబంధానికీ ఒక వెల కడతారు. అన్ని గుర్తులనూ కలిపే అల్లికలలో మొత్తం వెల తక్కువైనదాన్ని ఎన్నుకుంటారు. పై ఉదాహరణలో c అడుగు, a అడుగు ఒకే రేఖపై ఉన్నాయి. పెద్ద C పాదసూచిక అయితే కిందికి దిగాలి. మామూలు పెద్ద C అయితే ఇంకా ఎత్తుండాలి. రెండింటి వెలా పెరుగుతుంది కనుక చిన్న c నిలుస్తుంది. పుటను అంగుళానికి 400 లేదా 600 చుక్కల చొప్పున స్కాన్ చేయాలన్న నియమానికి కారణం కూడా ఇదే. చుక్కలు పలచబడితే ఈ సూక్ష్మమైన తేడాలే ముందుగా చెరిగిపోతాయి.

గుర్తించిన నిర్మాణాన్ని నిలుపుకోవడానికి వర్డ్‌లో తగిన చోటు ఉండాలి. పాత ఈక్వేషన్ ఎడిటర్‌లో సూత్రం పత్రంలో పొదిగిన వేరొక వస్తువు. 2007 నాటి వర్డ్‌లో లవం, హారం, ఘాతం పత్రపు సొంత నిర్మాణంలో భాగమయ్యాయి. మర్రే సార్జెంట్ రూపొందించిన వరుస రూపంలో మన సూత్రం ఇలా ఉంటుంది:

```
x=(-b±√(b^2-4ac))/2a
```

సమీకరణపు పెట్టెలో దీన్ని టైపు చేసి స్పేస్ నొక్కితే భిన్నం నిలువుగా అమరుతుంది, గుంపును తెలిపే కుండలీకరణాలు మాయమవుతాయి. భద్రతా లోపం కారణంగా 2018 జనవరిలో పాత ఎడిటర్‌ను మైక్రోసాఫ్ట్ తొలగించింది. దానితో రాసిన సూత్రాలు కనిపిస్తూనే ఉన్నా దిద్దడానికి లొంగలేదు. ఒకప్పుడు సమీకరణాలైనవి తిరిగి బొమ్మలయ్యాయన్నమాట!

2016లో యుంటియాన్ డెంగ్ బృందం వేరే దారి పట్టింది. గుర్తులను విడదీయకుండా, పరిశోధన పత్రాల నుండి సేకరించిన దాదాపు లక్ష సూత్రాలతో శిక్షణ ఇచ్చి, బొమ్మ నుండి నేరుగా లేటెక్ పాఠాన్ని రాబట్టింది. ఫలితాలు మెరుగయ్యాయి, కానీ తప్పుల స్వభావం మారిందని నా అభిప్రాయం. పాత పద్ధతి తడబడితే సూత్రం చెదిరి కనిపించేది. ఇప్పటి తప్పు చక్కగా కుదిరిన సూత్రంలా కనిపించి కంటిని దాటిపోగలదు.

కనుక విలువలు వేసి చూడటమే మేలు. a=1, b=-3, c=2 అయితే మూలాలు 2, 1 రావాలి. భిన్నరేఖను కురచగా గుర్తించి వర్గమూలం కింద మాత్రమే పెడితే 3.5, 2.5 వస్తాయి. ఘాతం జారి b2 గా మారితే మూలచిహ్నం లోపల -14 మిగులుతుంది. అయితే సంఖ్యలు వేయడానికి వీలులేని సూత్రాలకు ఈ పరీక్ష పనికిరాదు. అక్కడ మూలపుటను పక్కన పెట్టుకుని గుర్తుకు గుర్తు సరిచూడవలసిందే. ఆ పని చూపున్న మరొకరు చేసిపెట్టే దాకా అంధ విద్యార్థికి తన చేతిలోని సూత్రం సరైనదో కాదో తేల్చుకునే వీలు లేదు.