టైటిల్ బ్లాక్

ఇంజనీరింగ్ డ్రాయింగ్‌లో సాధారణంగా కుడివైపు కింది మూలన ఉండే గళ్ల పట్టికే టైటిల్ బ్లాక్. భాగం పేరు, డ్రాయింగ్ నంబరు, గీసినవారి సంతకం, తనిఖీ చేసినవారి సంతకం అందులో ఉంటాయి. కొలత తీసుకునే ముందు అందులో చూడవలసినవి స్కేలు, ప్రమాణం, ప్రొజెక్షన్ గుర్తు.

స్కేలు 1:2 అంటే వస్తువును సగానికి తగ్గించి గీశారని, 2:1 అంటే రెట్టింపు చేశారని అర్థం. అయినా కాగితం మీద స్కేలుబద్ద పెట్టి కొలవకూడదు. జాన్ హెర్షెల్ 1842లో కనిపెట్టిన పద్ధతిలో తీసే బ్లూప్రింట్లను నీటిలో కడిగి ఆరబెట్టేవారు; దాంతో కాగితం ముడుచుకుపోయేది. ఇప్పుడు ఆ పని ప్రింటరు చేస్తోంది. 1:2 స్కేలులో ఎ3 షీటు మీద గీసిన 100 మిల్లీమీటర్ల పొడవు కాగితంపై 50 ఉంటుంది. దాన్నే ఎ4కు కుదించి ప్రింటు తీస్తే సుమారు 35కు పడిపోతుంది. గడిలో మాత్రం 1:2 అనే ఉంటుంది. నమ్మి రెండుతో హెచ్చవేసినవారికి 70 వస్తుంది. అందుకే గీత మీద రాసిన అంకెకే విలువ.

ఆ అంకె ఏ ప్రమాణంలో ఉందో కూడా ఇక్కడే తెలుస్తుంది. 3.25 అని ఉంటే అది మిల్లీమీటర్లా, అంగుళాలా? అంగుళాలైతే 82.55 మిల్లీమీటర్లు.

ప్రొజెక్షన్ గుర్తుకు పెద్ద కథే ఉంది. 18వ శతాబ్దంలో గాస్పార్ మోంజ్ ఫ్రాన్స్‌లోని మెజియేర్ సైనిక పాఠశాలలో ప్రొజెక్షన్ చిత్రణ పద్ధతిని రూపొందించాడు. కోటల నిర్మాణానికి పనికొచ్చేది కాబట్టి దాన్ని రహస్యంగా ఉంచారు. 1795లో గానీ అతను పారిస్‌లో బహిరంగంగా బోధించలేదు. తర్వాత యూరప్ ఫస్ట్ యాంగిల్‌లో స్థిరపడగా, అమెరికా థర్డ్ యాంగిల్‌కు మారింది. మన దేశంలో 1955 నాటి ప్రామాణిక నియమావళి థర్డ్ యాంగిల్‌ను సిఫార్సు చేసింది, 1960లో ఎంపికను వాడేవారికే వదిలేసింది, 1988 నాటి ఎస్పీ 46 ఫస్ట్ యాంగిల్ వైపు మొగ్గింది. కాబట్టి పాత డ్రాయింగ్‌ను దాని తేదీ చూసి ఊహించడం కుదరదు.

గుర్తులో కొన తెగిన శంకువు, దాని పక్కన రెండు వృత్తాలు ఉంటాయి. వృత్తాలు శంకువు వెడల్పు వైపు ఉంటే ఫస్ట్ యాంగిల్, సన్నని వైపు ఉంటే థర్డ్ యాంగిల్.

ఒక బ్రాకెట్‌కు ముందు చూపు, దాని కుడిపక్కన పక్క చూపు గీశారనుకుందాం. పక్క చూపులో ఒక రంధ్రం కనిపిస్తోంది. ఫస్ట్ యాంగిల్ అయితే అది ఎడమ ముఖం మీద ఉన్నట్టు, థర్డ్ యాంగిల్ అయితే కుడి ముఖం మీద ఉన్నట్టు. పొరబడితే అద్దంలో ప్రతిబింబంలాంటి బ్రాకెట్ తయారవుతుంది. వెర్నియర్‌తో ఎంత కొలిచినా ప్రతి కొలతా సరిగ్గానే వస్తుంది. తప్పు అసెంబ్లీ దగ్గర బయటపడుతుంది. గుర్తు చెరిగిపోయిన షీటులో, రంధ్రం అవతలికి దూసుకుపోనిదైతే, ముందు చూపులోని చుక్కల గీతలు చూడాలి. అవి ఏ అంచు నుంచి మొదలైతే రంధ్రం ఆ ముఖానిదే.