ఆరు బై ఆరు

కంటి డాక్టరు చీటీలో రాసే 6/6, 6/18 చూడ్డానికి భిన్నాలే గానీ, 6/18ని 1/3 అని కుదించి రాయరు. రెండు అంకెలూ మీటర్లలో దూరాలు. పై అంకె చార్టుకూ మనిషికీ మధ్య దూరం. కింది అంకె, మామూలు చూపున్నవారు అదే అక్షరాన్ని పోల్చుకోగల దూరం. 1862లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో హెర్మన్ స్నెలెన్ అనే కంటి వైద్యుడు ఈ పద్ధతి తెచ్చాడు. అమెరికాలో అడుగుల కొలత కాబట్టి అక్కడ 20/20 అంటారు.

6/6 వరుసలో అక్షరం ఎత్తు దాదాపు 8.7 మిల్లీమీటర్లు, గీత మందం అందులో ఐదోవంతు. అన్నిటికన్నా పైనుండే 6/60 అక్షరం దీనికి పదింతలు. ఆరు మీటర్ల నుంచి అదీ ఆనకపోతే మనిషిని దగ్గరికి జరుపుతారు. మూడు మీటర్ల దగ్గర చదివితే చూపు 3/60.

6/6ను నూటికి నూరు మార్కులనుకోవడం పొరపాటు. అది మామూలు చూపుకు పెట్టుకున్న కనీస గీత మాత్రమే. ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్లు చాలామంది 6/5 వరుసనూ చదివేస్తారు. పైగా చార్టు కొలిచేది సూటిగా చూసే చూపునే. గ్లకోమా పక్కచూపును చాలావరకు తినేశాక కూడా 6/6 రావచ్చు.