అంకె దగ్గర తడబడే గొంతు: టెక్స్ట్ టు స్పీచ్ పుట్టుపూర్వోత్తరాలు

రాసిన వ్యాసాన్ని యంత్రం పైకి చదవాలంటే దానికి రెండు విద్యలు రావాలి. ఒకటి నోరు విప్పి పలకడం. రెండోది కాగితం మీద ఉన్నదాన్ని ఎలా పలకాలో తేల్చుకోవడం. మొదటి విద్య గురించే అందరూ చెప్పుకుంటారు, ఎందుకంటే అది చెవికి తెలుస్తుంది. కానీ ఈ చరిత్రలో ఎక్కువ కాలం, ఎక్కువ శ్రమ తిన్నది రెండోదే. ఇవాళ్టికీ ఆడియో వ్యాసం వింటూ మనం ఉలిక్కిపడేది ఒక పేరు దగ్గరో ఒక అంకె దగ్గరో అయితే, కారణం అక్కడే ఉంది.

పలకడం ముందు వచ్చింది. వోల్ఫ్‌గాంగ్ ఫాన్ కెంపెలెన్ ఊపిరితిత్తులకు బదులు తిత్తి, స్వరతంత్రులకు బదులు పీక, నోటికి బదులు చేత్తో నొక్కే గొట్టం పెట్టి ఒక మాట్లాడే యంత్రం కట్టాడు. దాని వివరాలతో 1791లో వియన్నాలో పుస్తకం వేశాడు. 1939లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో బెల్ ల్యాబ్స్ వారి వోడర్ జనంతో మాట్లాడింది. హోమర్ డడ్లీ తయారుచేసిన ఆ యంత్రం ముందు ఒక అమ్మాయి కూర్చుని వేళ్ళతో మీటలు నొక్కేది. మణికట్టు కింది పట్టీతో నాదమో శ్వాసో ఎంచుకునేది, కాలితో తొక్కి స్థాయి మార్చేది. ఆ పని పట్టుబడడానికి దాదాపు ఏడాది శిక్షణ కావలసి వచ్చేది. చదువు అంతా ఆమె బుర్రలోనే ఉంది, యంత్రానికి ఒక్క అక్షరం రాదు. ఆ అమ్మాయిని పక్కకు తప్పించి, ఆమె తలలో జరిగే పనిని కూడా యంత్రానికి అప్పగించాలనుకున్నప్పుడు అసలు కథ మొదలైంది.

ఇంగ్లీషు స్పెల్లింగుతో వేగడానికి ముందు సూత్రాలు రాశారు. అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో నలుగురు కలిసి 1976లో ప్రచురించిన నివేదికలో అలాంటివి 329 ఉన్నాయి. ఒక్కో సూత్రం అక్షరానికి ముందేముంది, వెనకేముంది అని చూసి ధ్వనిని నిర్ణయిస్తుంది. సి అక్షరానికి రాసిన వాటిలో రెండు ఇవి:

```
[C]+=/S/
[C]=/K/
```

కూడిక గుర్తు అంటే తర్వాత ఇ, ఐ, వై అక్షరాల్లో ఒకటి ఉందని. అలా ఉంటే సి ని స అనాలి. అంతకు ముందున్న సూత్రాలేవీ వర్తించకపోతే చివరికి క అనాలి. సూత్రాలను పైనుంచి కిందికి వరసగా పరీక్షిస్తారు, మొదట కుదిరినదే ఖాయం. మామూలు పాఠంలో నూటికి సుమారు తొంభై మాటలు ఇలా సరిగ్గా వచ్చాయి. వినడానికి బాగానే ఉంది గానీ, పది మాటల వాక్యంలో ఒకటి తప్పు పలికితే వినేవాడు ఎంతసేపు ఓర్చుకుంటాడు?

ఎం.ఐ.టి.లో జొనాథన్ ఆలెన్, షెరి హన్నికట్, డెనిస్ క్లాట్ బృందం దీన్ని మరోవైపు నుంచి పట్టుకుంది. మాటను ముందు ముక్కలు చేసి, ముక్కల్ని నిఘంటువులో వెతకాలన్నారు. 12,000 పదాంశాలతో ఆ నిఘంటువు కట్టారు. హాట్‌హౌస్ అనే మాట తీసుకోండి. అందులో టి, హెచ్ పక్కపక్కనే పడతాయి. సూత్రాన్నే నమ్ముకున్న యంత్రం ఆ రెంటినీ కలిపేసి థ అంటుంది. ముక్కలు విడదీసేది హాట్ దగ్గర ఆగి, హౌస్ కొత్తగా మొదలుపెడుతుంది. ముందు నిఘంటువు, అందులో దొరకకపోతే సూత్రం అనే పద్ధతి ఇక్కడే స్థిరపడింది. క్లాట్ పరిశోధన నుంచి వచ్చిన డెక్‌టాక్ యంత్రం 1984లో బజారుకొచ్చింది. స్టీఫెన్ హాకింగ్ ప్రపంచానికి వినిపించిన గొంతుకు మూలం కూడా క్లాట్ పనే.

అయితే నిఘంటువుకు ఒక పెద్ద చిల్లు ఉంది. మనుషుల పేర్లు అందులో ఉండవు. పైగా అమెరికాలో పేర్లు ప్రపంచం నలుమూలల నుంచీ వచ్చాయి, ఏ దేశం పేరు ఆ దేశపు స్పెల్లింగుతోనే నడుస్తుంది. టెలిఫోన్ డైరెక్టరీలోని పేర్లు చదివే సేవలకు ఇది తలనొప్పి. 1985లో కెనెత్ చర్చ్ ఒక ఉపాయం చెప్పాడు. పేరులో మూడేసి అక్షరాలు ఏ వరసలో వస్తున్నాయో చూసి, అది ఏ భాషది అయ్యుంటుందో ముందు అంచనా వేయాలి, ఆ తర్వాతే పలకాలి. 1991లో టోనీ విటాలె ప్రచురించిన పద్ధతి కూడా భాషను గుర్తించాకే ఆ భాష సూత్రాలు వాడింది.

మన పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఏమవుతుందో దీంతో తేలిగ్గా అర్థమవుతుంది. కవిత, స్వాతి, లత అని రాసేటప్పుడు త కోసం మనం టి పక్కన హెచ్ పెడతాం. ఇంగ్లీషు సూత్రానికి అది త కాదు, థింక్ అనే మాటలో నాలుక పళ్ళ మధ్యకొచ్చే ధ్వని. పేరు తెలుగుదని గుర్తించని గొంతు ఆ ధ్వనే పలుకుతుంది, తన లెక్కలో అది తప్పు కూడా కాదు.

అంకెలు ఇంకో రకం చిక్కు. అక్షరాలు కనీసం ధ్వనికి ఆచూకీ ఇస్తాయి, అంకె అదీ ఇవ్వదు. దీన్ని ఒక శాస్త్రంగా కూర్చోబెట్టింది 1999 వేసవిలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జరిగిన కార్యశాల. రిచర్డ్ స్ప్రోట్, ఆలన్ బ్లాక్ తదితరులు వార్తలతోపాటు ఇళ్ళ అమ్మకాల ప్రకటనలు, వంటల రెసిపీలు ముందేసుకుని, నిఘంటువులో లేని ప్రతి ముక్కకూ ఒక జాతి పేరు పెట్టారు. ఇది సంవత్సరమా, డబ్బా, ఫోన్ నంబరా, వరస సంఖ్యా? ఈ పొట్టి మాటను విప్పి చదవాలా, పొడి అక్షరాలుగా చదవాలా, ఉన్నదున్నట్టు మాటగా చదవాలా? జాతి తేలితే పలుకు దానంతటదే వస్తుంది, జాతి తప్పితే ఎంత తియ్యని గొంతైనా అబద్ధం చదువుతుంది. 2001లో వెలువడిన వారి వ్యాసం ఈ రంగానికి పునాది.

యంత్రం తేల్చుకోలేనిచోట మనిషి చెప్పే దారి ఉండాలి కదా. అందుకు పాఠంలోనే గుర్తులు పెట్టే పద్ధతులు తొంభైల్లో పుట్టాయి. 2004 సెప్టెంబరులో డబ్ల్యూ3సీ వాటికి ఒక ప్రమాణం ఖాయం చేసింది. అదే ఎస్ఎస్ఎంఎల్. ఒక ముక్కను తేదీగా, ఫోన్ నంబరుగా చదవమని చెప్పే గుర్తు అందులో ఉంది. కానీ ఏయే జాతులుండాలన్న పట్టికను ఆ ప్రమాణం నిర్ణయించలేదు, అందుకే ఒక కంపెనీ గొంతు పాటించినది మరొక గొంతు పాటించకపోవచ్చు. 'రాసింది ఇది, చదవాల్సింది అది' అని నేరుగా చెప్పే `sub` గుర్తే ఎక్కువ భద్రం.

2016 నుంచి నాడీజాల పద్ధతులు వచ్చి గొంతు పోలిక పూర్తిగా మారిపోయింది. అదే ఏడాది స్ప్రోట్, నవదీప్ జైత్లీ అంకెలు విప్పే పనిని కూడా నాడీజాలానికే వదిలి చూశారు. చాలావరకు బాగానే చేసింది. కానీ అప్పుడప్పుడు తేదీనో డబ్బునో పొంతన లేకుండా చదివేసింది. పాత గొంతు తప్పు చదివితే గరగరలోనే అనుమానం వచ్చేది. కొత్త గొంతు వేరే మొత్తాన్ని కూడా ధీమాగా, మృదువుగా చదువుతుంది. దాన్ని అదుపులో పెట్టడానికి మళ్ళీ చేతితో రాసిన వ్యాకరణాన్నే కాపలా పెట్టవలసి వచ్చింది.

ఇక తెలుగు. ఐఐటీ మద్రాసు ముందుండి నడిపిన, ఐఐఐటీ హైదరాబాదు కూడా పాలుపంచుకున్న ఉమ్మడి ప్రయత్నంలో మన భాషలకు గొంతులు తయారయ్యాయి. రాసినట్టే చదివే లిపి కాబట్టి ఇంగ్లీషు వాళ్ళ స్పెల్లింగు బాధ మనకు చాలావరకు లేదు. చిక్కులున్నది వేరే చోట్ల. ఈ వాక్యం చూడండి, పరీక్ష కోసం అల్లినది:

డా. చలపతి 1956లో 4-105 నంబరు ఇల్లు, 2.5 ఎకరాల తోట 3 కూతుళ్ళ పేర రాసి, 5-6 నెలలకే చలికి తట్టుకోలేక కన్నుమూశారు.

మొదటి ముక్కలోనే చుక్క ఉంది. దాన్ని వాక్యాంతం అనుకుంటే గొంతు డా దగ్గర కిందికి దిగి ఆగుతుంది. అలాంటి అకారణమైన ఆగుడు వినబడితే ముందు పొట్టి మాటల్ని అనుమానించాలి. 1956 సంవత్సరం గనుక పంతొమ్మిది వందల యాభై ఆరు కావాలి. అదే మొత్తం రూపాయలైతే వెయ్యి తొమ్మిది వందల యాభై ఆరు అనీ అంటాం. 105 ని వంద ఐదు అనకూడదు, నూట ఐదు. దాని ముందున్న గీతను డాష్ అని పలకాలి. కానీ 5-6 లోనూ అదే గీత ఉంది, అక్కడ దాన్ని పలకనే కూడదు, ఐదారు అనాలి. 2.5 ఎకరాలను రైతు ఎవరైనా రెండున్నర అంటాడు. 3 పక్కన ఎకరాలుంటే మూడు, కూతుళ్ళుంటే ముగ్గురు. మనుషుల్ని లెక్కపెట్టే పద్ధతి వేరని ఇంగ్లీషు కోసం కట్టిన నమూనాకు తెలియదు. ఈ వాక్యాన్ని సరిదిద్దితే ఇలా ఉంటుంది:

```xml
<speak version="1.1" xml:lang="te-IN"
 xmlns="http://www.w3.org/2001/10/synthesis">
<sub alias="డాక్టర్">డా.</sub> చలపతి
<sub alias="పంతొమ్మిది వందల యాభై ఆరులో">1956లో</sub>
<sub alias="నాలుగు డాష్ నూట ఐదు">4-105</sub> నంబరు ఇల్లు,
<sub alias="రెండున్నర">2.5</sub> ఎకరాల తోట
<sub alias="ముగ్గురు">3</sub> కూతుళ్ళ పేర రాసి,
<sub alias="ఐదారు">5-6</sub> నెలలకే చలికి తట్టుకోలేక కన్నుమూశారు.
</speak>
```

1956లో అన్నదాన్ని మొత్తంగా గుర్తు లోపలే పెట్టడం గమనించండి. విభక్తిని బయట వదిలితే ఆరు, లో విడివిడిగా పలికే ప్రమాదం ఉంది.

ఈ వాక్యంలో `sub` తీర్చలేని చిక్కు ఒకటి మిగిలింది. చలపతిలో చ తాలవ్యం, చలిలో చ దంత్యం. రెండూ ఒకే అక్షరంతో రాస్తాం. తేడా చూపే ౘ అక్షరం యూనికోడ్‌లో ఉన్నా వాడుకలో లేదు, దాన్ని చదవలేని గొంతులూ ఉంటాయి. ధ్వనినే నేరుగా రాసే `phoneme` గుర్తుతో చెప్పి చూడవచ్చు గానీ, తెలుగు గొంతు దాన్ని పాటిస్తుందో లేదో విని తేల్చుకోవాల్సిందే. పాటించకపోతే ఆ గొంతుకు ఆ మాట అంతే.

సరిచూసేటప్పుడు కాగితం పక్కన పెట్టి వినాలి. కళ్ళెదుట అంకె కనబడుతుంటే చెవి తప్పును క్షమించేస్తుంది. విన్న అంకెలను, పేర్లను విడిగా రాసుకుని తర్వాత మూలంతో పోల్చితే ఏది జారిందో బయటపడుతుంది. తప్పిన పేర్లను ఒక పట్టికలో దాచుకోవడానికి డబ్ల్యూ3సీ 2008లో ఉచ్చారణ నిఘంటువుకు కూడా ప్రమాణం ఇచ్చింది. అందులో ఊర్ల పేర్లు, ఇంటిపేర్లు, సంస్థల పొట్టి పేర్లు పెట్టుకుంటే ప్రతి వ్యాసానికీ మళ్ళీ దిద్దే పని తప్పుతుంది. అంకెల్ని మాత్రం ఆ పట్టికలో పెట్టకూడదు. 3 ని ఒకసారి ముగ్గురు అని నమోదు చేస్తే, రేపటి వ్యాసంలో ముగ్గురు కిలోల బియ్యం వినాల్సి వస్తుంది. పేరు ఎక్కడికెళ్ళినా అదే పేరు. అంకెకు మాత్రం పక్కన నిలబడ్డ మాటే పలుకునిస్తుంది, కాబట్టి దాన్ని ఏ వాక్యానికి ఆ వాక్యంలోనే దిద్దుకోవాలి.