ఋషికుల్య వంతెన స్తంభమూ, దలాంబేర్ చిక్కుముడీ
(ఒక లెక్క చరిత్ర)

హుమ్మ నుండి దక్షిణంగా రైలులో పోయేవారు గంజాం స్టేషను దాటిన తరువాత ఋషికుల్య మీది వంతెనను చూసియుంటారు. ఎండాకాలంలో ఇసుకమేటల నడుమ సన్నని పాయగా కనబడే ఆ నది వానాకాలంలో ఎర్రని నీటితో ఒడ్డులొరసి పారుతుంది. అప్పుడు వంతెన స్తంభాల దగ్గర ఒక వింత కనిపిస్తుంది. స్తంభానికి ఎగువ వైపున నీరు కొద్దిగా ఎత్తుకు లేస్తుంది, ప్రక్కలలో వడిగా జారుతుంది, దిగువ వైపున సుడులు తిరుగుతూ కలత చెందుతుంది. ఈ ప్రాంతపు విద్యార్థులు ఎన్నో తరాలుగా చూస్తూ వస్తున్న దృశ్యమిది. దీనిని లెక్కలోనికి దించడానికి యూరపు గణితజ్ఞులకు నూటయేభై సంవత్సరాలకు పైగా పట్టినది. ఆ చరిత్రలో అతి సుందరమైన లెక్క ఒకటి అతి తప్పయిన జవాబునిచ్చింది. ఆ తప్పు ఎక్కడ ఉన్నదో వెదకడంలోనే ఆధునిక ద్రవశాస్త్రం రూపుదిద్దుకొన్నది. దానిని మన సంచిక పాఠకులకు వివరించుటే ఈ వ్యాసం ఉద్దేశం.

కథ బెర్లినులో మొదలవుతుంది. ప్రవహించే ద్రవం తనకు అడ్డుగా నిలిచిన వస్తువుపై ఎంత బలం చూపుతుంది అనే ప్రశ్నపై అక్కడి శాస్త్ర పరిషత్తు 1750వ సంవత్సరానికి ఒక బహుమతి ప్రకటించింది. ఫ్రెంచి గణితజ్ఞుడు దలాంబేర్ తన గ్రంథాన్ని పంపినాడు. వచ్చిన సిద్ధాంతాలు ప్రయోగాలతో సరిపోలుతున్నట్లు ఋజువు కాలేదన్న కారణంగా పరిషత్తు ఎవరికీ బహుమతి నీయక గడువు పొడిగించింది. దలాంబేర్ పోటీ నుండి తప్పుకొని 1752లో తన గ్రంథాన్ని స్వయంగా ప్రకటించినాడు. ఆయన లెక్క తేల్చిన ఫలితం విచిత్రమైనది. ముందు వెనుకలు సమానంగా ఉన్న వస్తువు చుట్టూ ద్రవం సాఫీగా పారితే ముందు వైపు త్రోపు, వెనుక వైపు త్రోపు ఒకదానినొకటి సరిగ్గా రద్దు చేసుకొంటాయి. అనగా వరదనీరు వంతెన స్తంభాన్ని ఏమాత్రమూ నెట్టదు! 1768లో ఆయన ఈ విషయానికి మరల వచ్చి, ఈ విరోధాభాసను విప్పే పనిని రాబోయే గణితజ్ఞులకు విడిచిపెట్టినాడు.

నది ఒడ్డున పెరిగిన ఏ బాలుడైనా ఈ ఫలితం విని నవ్వుతాడు. కాని లెక్కలో దోషం లేదు. అది ఎలా వస్తుందో చూడాలంటే గుండ్రని స్తంభమే మంచి ఉదాహరణ. దానికి సులభమైన దారిని చూపినవారిలో స్కాట్లండు ఇంజనీరు రాంకిన్ ముఖ్యుడు. గ్లాస్గోలో ఆచార్యుడుగా ఉన్న ఆయన 1864లో ఓడల ఆకృతుల కోసం ఒక పద్ధతిని ప్రకటించినాడు. క్లిష్టమైన ప్రవాహాన్ని నేరుగా సాధించకుండా, తెలిసిన సులభ ప్రవాహాలను ఒకదానిపై ఒకటి ఉంచి కలుపుటే ఆ పద్ధతి.

ఇలా కలుపుట అన్నివేళలా చెల్లదు. ద్రవానికి జిగట లేదనీ, అది ఇమడదనీ, అందులోని ఏ చిన్న భాగమూ తన చుట్టూ తాను తిరగదనీ అనుకొంటే మాత్రమే ప్రవాహాన్ని శాసించే సమీకరణం సరళమవుతుంది. ఆ ప్రవాహానికి పొటెన్షియల్ ప్రవాహమని పేరు. అప్పుడు రెండు ప్రవాహాలు విడివిడిగా సమీకరణాన్ని తృప్తిపరిస్తే, వాటి మొత్తం కూడా తృప్తిపరుస్తుంది. ప్రతి చోటా రెండు వేగాలను దిశలతో సహా కూడితే చాలును.

మొదటి ప్రవాహం అన్ని చోట్లా ఒకే వేగంతో, ఒకే దిశలో పారే నది. ఆ వేగాన్ని U అందాము. రెండవదాని కోసం రెండు బిందువులను ఊహించాలి. ఎగువన ఉన్న బిందువు ఊట వంటిది, అక్కడ నీరు పుట్టి అన్ని దిక్కులకూ పారుతుంది. దిగువన ఉన్నది ఇంకుడుగుంట వంటిది, అంతే నీటిని లోనికి తీసుకొంటుంది. నది పారుతూ ఉండగా ఊటలోని నీరంతా ఒక అండాకారపు హద్దు లోపలనే తిరిగి ఇంకుడుగుంటను చేరుతుంది. బయటి నదీజలం ఆ హద్దును దాటదు. కనుక ఆ హద్దు స్థానంలో అదే ఆకారపు గట్టి వస్తువు ఉన్నదనుకొన్నా బయటి ప్రవాహంలో మార్పు ఉండదు. ఇప్పుడు ఊటనూ గుంటనూ దగ్గరకు జరుపుతూ, దూరం తగ్గిన కొద్దీ వాటి బలాన్ని అదే నిష్పత్తిలో పెంచుతూ పోవాలి. చివరకు రెండూ ఒకే బిందువులో కలిసినప్పుడు ఏర్పడేదానిని డబ్లెట్ అంటారు. అండాకారం అప్పుడు సరియైన వృత్తమవుతుంది. వృత్తవ్యాసార్ధం a కావలెనంటే డబ్లెట్ బలం Ua² ఉండాలి. మొత్తం ప్రవాహపు ధారాప్రమేయం ఇది:

ψ = U (r − a²/r) sin θ

ఇందులో r అనేది కేంద్రం నుండి దూరం, θ అనేది ప్రవాహపు అక్షంతో చేసే కోణం. ψ విలువ మారని గీతలే నీటి దారులు. r = a అయినచోట ψ సున్న అవుతుంది, అదే స్తంభపు గోడ.

ఒక ఉదాహరణ తీసుకొందాము. నీటి వేగం సెకనుకు 2 మీటర్లు, స్తంభం వ్యాసం 2 మీటర్లు, అంటే వ్యాసార్ధం 1 మీటరు అనుకొందాము. ఎగువ వైపున అక్షం మీద డబ్లెట్ వేగం నదికి ఎదురుగా ఉంటుంది, దూరపు వర్గాన్ని బట్టి తగ్గుతుంది. కేంద్రం నుండి 2 మీటర్ల దూరంలో అది నదీవేగంలో నాలుగవ వంతు. కనుక అక్కడ నీటి వేగం సెకనుకు ఒకటిన్నర మీటర్లకు పడిపోతుంది. 1 మీటరు దగ్గర, అంటే స్తంభపు ముఖం వద్ద, రెండూ సమానమై నీరు నిలిచిపోతుంది. ప్రక్కలలో దీనికి విరుద్ధం. అక్కడ డబ్లెట్ వేగం నదితో కలిసి సాగుతుంది కనుక, గోడను ఆనుకొని నీరు సెకనుకు 4 మీటర్ల వేగంతో, అంటే సరిగ్గా రెట్టింపు వేగంతో పరుగెత్తుతుంది.

వేగం తెలిస్తే బెర్నూలీ సూత్రం వలన పీడనం తెలుస్తుంది. స్తంభం ముఖం వద్ద నిలిచిన నీటి పీడనం, దూరాన ఉన్న నదిలోని పీడనం కంటె సుమారు 20 సెంటీమీటర్ల నీటిమట్టానికి సమానంగా ఎక్కువ. ఎగువన నీరు ఉబ్బుగా కనబడడానికి కారణమిదే. ప్రక్కలలో పీడనం దీనికి మూడింతలు, అంటే సుమారు 60 సెంటీమీటర్లు తక్కువ. అయితే ఈ సూత్రం వెనుక వైపునకు కూడా ఇంతే వర్తిస్తుంది. వెనుక నట్టనడుమ నీరు మరల నిలిచి, ముందున్నంత పీడనమే తిరిగి వస్తుంది. ముందు ఎంత త్రోపు ఉన్నదో వెనుక అంత ఎదురుత్రోపు. మొత్తం సున్న. దలాంబేర్ చెప్పినది అక్షరాలా నిజమయింది.

వంతెనలు కట్టే ఇంజనీరు దీనిని నమ్ముకొంటే ఏమవుతుందో వేరుగా చెప్పనక్కరలేదు. ఇంత పరిమాణంలో, ఇంత వేగంలో గుండ్రని స్తంభంపై, ప్రతి మీటరు లోతుకు దాదాపు 280 కిలోగ్రాముల బరువుకు సమానమైన నెట్టు ఉంటుందని ప్రయోగాల ఆధారంగా అంచనా వేయవచ్చు. లెక్క సున్న అన్నచోట స్తంభం నిలబడవలసినది ఈ బలానికి. పందొమ్మిదవ శతాబ్దంలో ఇంజనీర్లు కొలతలనూ అనుభవసూత్రాలనూ ఆశ్రయించగా, గణితజ్ఞులు తమ సుందర సమీకరణాలతో ఉండిపోయినారు. ఇద్దరి నడుమ దూరం పెరిగినది.

ఇంతలో మరొక చమత్కారం జరిగినది. 1898 ప్రాంతంలో ఇంగ్లీషు ఇంజనీరు హీల్-షా రెండు గాజుపలకలను అతి దగ్గరగా ఉంచి, నడుమ చిన్న గుండ్రని అడ్డు పెట్టి, రంగుధారలతో ద్రవాన్ని పంపినాడు. పైన చెప్పిన ψ గీతలు, వెనుక భాగంతో సహా, కనులారా కనబడినవి. ఆ పలుచని పొరలో ప్రవాహాన్ని శాసించేది జిగటే! జిగట లేని ద్రవపు చిత్రం, జిగట పూర్తిగా రాజ్యమేలిన చోట కనిపించడం ఎలాగో స్టోక్స్ గణితంతో నిరూపించినాడు. అయితే గీతలు కలిసినంత మాత్రాన పీడనాలు కలియవు. గాజుపలకల నడుమ పీడనం ప్రవాహం వెంట తగ్గుతూ పోతుంది, బెర్నూలీ సూత్రం అక్కడ చెల్లదు. బొమ్మ సరిపోయింది గదా అని లెక్క సరిపోయిందనుకోరాదన్నది ఇక్కడి పాఠం.

చిక్కుముడి 1904లో విడినది. హైడెల్‌బర్గులో జరిగిన అంతర్జాతీయ గణిత మహాసభలో జర్మన్ ఆచార్యుడు ప్రాంట్ల్ ఒక చిన్న ఉపన్యాసం చేసినాడు. నీటికి జిగట ఎంత తక్కువైనా, గోడను తాకిన నీరు గోడను అంటిపెట్టుకొని కదలక ఉంటుంది. దాని ప్రక్కనే ఒక పలుచని పొరలో వేగం సున్న నుండి పూర్తి విలువకు చేరుతుంది. ఈ సరిహద్దు పొరలోని నీరు రాపిడి వలన శక్తిని కోల్పోతుంది. ముందు భాగంలో పీడనం తగ్గుతూ ఉంటుంది గనుక అది సాగిపోతుంది. ప్రక్కలు దాటాక పీడనం పెరగవలసి ఉంటుంది. అలసిన నీరు ఆ ఎత్తును ఎక్కలేక ఆగి, గోడను విడిచి బయటికి పోతుంది. వెనుక మిగిలేది సుడుల మడుగు. అక్కడ పీడనం తిరిగి కోలుకోదు, కనుక ఎదురుత్రోపు లేదు. స్తంభాన్ని నెట్టే బలంలో అత్యధికభాగం ఈ లోటు నుండి వచ్చినదే. ప్రాంట్ల్ తన నీటితొట్టిలో స్తూపం వెనుక సుడులను ఫొటోలు తీసి చూపించినాడు. అంతేకాక స్తూపపు ఒక ప్రక్కన చీలిక పెట్టి, అలసిన పొరను లోనికి పీల్చివేస్తే ఆ వైపున ప్రవాహం గోడను విడువదని కూడా చూపినాడు. కారణం ఇదేనని చెప్పడానికి అంతకంటె స్పష్టమైన సాక్ష్యం అరుదు.

మరి డబ్లెట్ లెక్క వ్యర్థమా? కాదు. స్తూపం చుట్టూ సన్నని రంధ్రాలు పెట్టి పీడనం కొలిస్తే, ముందు నడిబిందువు నుండి మొదటి 30 డిగ్రీల వరకు కొలతలు లెక్కకు చాలా దగ్గరగా ఉంటాయి. ఆ తరువాత క్రమంగా విడిపోతాయి. ప్రక్కలలో లెక్క చెప్పినంత లోతుకు పీడనం దిగదు, వెనుక అది పైకి లేవక ఒకే మట్టంలో ఉండిపోతుంది. ఆ చదునైన భాగాన్ని చూడగానే ప్రవాహం గోడను విడిచినదని తెలుసుకోవచ్చును. నదిలోనైతే మరి రెండు హద్దులున్నవి. నీటి పైమట్టం అలలుగా మారడం, అడుగు ఇసుక స్తంభం మొదట కోసుకుపోవడం ఈ లెక్కలో చేరవు.

ఈసారి వరదకాలంలో వంతెన మీద వెళ్ళేటప్పుడు స్తంభాలకు రెండు వైపులా చూడండి. ఎగువన ఉబ్బిన నీటిలో రాంకిన్ కూడిక కనబడుతుంది, దిగువ సుడులలో ప్రాంట్ల్ జవాబు కనబడుతుంది. ఒకే స్తంభానికి ముందు ఒకటి, వెనుక ఒకటి. వాటి నడుమ దూరం రెండు మీటర్లే అయినా, దానిని దాటడానికి దలాంబేర్ గ్రంథం నుండి 152 సంవత్సరాలు పట్టినవి.