తిరుగు అనువాదం చూపనిది: తెలుగు ప్రశ్నావళిలో అర్థసమానత

కథనో నవలనో అనువదించినప్పుడు లోపం దొర్లితే చదువరి పసిగడతాడు. వాక్యం దగ్గర ఆగుతాడు, విసుక్కుంటాడు, పుస్తకం మూసేస్తాడు. ప్రశ్నావళి అనువాదంలో లోపం దొర్లితే అలా జరగదు. సమాధానం చెప్పే వ్యక్తి తనకు ఎలా అర్థమైతే అలా జవాబు చెబుతాడు. ఆ జవాబు అంకెగా మారుతుంది. అంకెల పట్టికలో అనువాద దోషం ఎక్కడా కనిపించదు. పైగా ఆ పట్టికను మరో దేశపు పట్టికతో పోల్చి చూసే పరిశోధకుడికి చాలా సందర్భాల్లో తెలుగు రాదు. తనకు రాని భాషలో తన ప్రశ్న తన అర్థంతోనే ఉందో లేదో అతడు తెలుసుకోవడం ఎలా? తిరుగు అనువాద పద్ధతి ఈ అవసరంలోంచి పుట్టింది. ఒక ద్విభాషి ఇంగ్లీషు ప్రశ్నను తెలుగు చేస్తారు. మూలాన్ని చూడని మరొక ద్విభాషి ఆ తెలుగును మళ్లీ ఇంగ్లీషులోకి మారుస్తారు. రెండు ఇంగ్లీషు పాఠాలను పక్కపక్కన పెట్టి పోలుస్తారు. ఈ పద్ధతి సౌలభ్యమూ పరిమితీ ఒకచోటే ఉన్నాయి: ఇందులో తెలుగు పాఠంపై తీర్పు ఇంగ్లీషు చదివి ఇస్తారు.

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత పలు దేశాల్లో ఏకకాలంలో అభిప్రాయ సేకరణలు చేపట్టడం పెరిగింది. 1950ల ఆరంభంలోనే సూసన్ ఎర్విన్, రాబర్ట్ బోవర్ అంతర్జాతీయ సర్వేల్లో తలెత్తే అనువాద సమస్యలపై వ్యాసం ప్రచురించారు. తిరుగు అనువాదానికి క్రమబద్ధమైన పరీక్ష మాత్రం 1970లో రిచర్డ్ బ్రిస్లిన్ వ్యాసంతో జరిగింది. గువామ్ విశ్వవిద్యాలయానికి చెందిన 94 మంది ద్విభాషులు పది భాషల్లో ఆరు వ్యాసఖండాలను అనువదించగా, తిరిగి అనువదించగా వచ్చిన ఫలితాలను ఆయన విశ్లేషించారు. తరువాతి కాలంలో ఈ వ్యాసాన్ని తిరుగు అనువాదానికి ప్రమాణపత్రంగా ఉదాహరించడం ఆనవాయితీ అయింది. అయితే ఆ వ్యాసంలోనే ఉన్న హెచ్చరిక అంతగా ప్రచారంలోకి రాలేదు. అనువాదం బాగుండకపోయినా తిరుగు పాఠం మూలంతో చక్కగా సరిపోయే అవకాశం ఉందని బ్రిస్లిన్ చెప్పారు. అందుకు మూడు కారణాలు చూపారు. నిజానికి సమానార్థకాలు కాని పదాలకు ద్విభాషులిద్దరూ ఒకే జత పదాలను అలవాటుగా వాడుతూ ఉండవచ్చు. రెండవ అనువాదకుడు చెడిన వాక్యాన్ని తన తెలివితో సరిదిద్ది చదువుకోవచ్చు. మొదటి అనువాదకుడు మూలభాష వాక్యనిర్మాణాన్నే లక్ష్యభాషలో నిలిపి ఉంచితే దాన్ని వెనక్కి తిప్పడం మరీ తేలిక.

తెలుగుకు సంబంధించి ఈ మూడింటికీ ఎంత బలముందో చూడటానికి పి.హెచ్.క్యూ.–9 అనే చిన్న ప్రశ్నావళి చాలు. మానసిక కుంగుబాటును గుర్తించడానికి ప్రపంచమంతటా వాడుతున్న ఈ పత్రంలో తొమ్మిది అంశాలుంటాయి. గడచిన రెండు వారాల్లో ఒక్కొక్క ఇబ్బంది ఎంత తరచుగా కలిగిందో అడుగుతారు. జవాబులు నాలుగు మెట్లు: అసలు లేదు, కొన్ని రోజులు, సగం కంటే ఎక్కువ రోజులు, దాదాపు ప్రతిరోజూ. వీటికి వరుసగా 0, 1, 2, 3 మార్కులు. మొత్తం 27. మొత్తం 10కి చేరితే మరింత పరీక్ష అవసరమని భావించడం 2001 నాటి ప్రామాణిక అధ్యయనం నుంచి స్థిరపడిన పద్ధతి. కింద పరిశీలించే తెలుగు రూపాలు ఏ ఒక్క ప్రచురిత అనువాదానివీ కావు; ఇంగ్లీషు మూలానికి తెలుగులో సహజంగా ఎదురయ్యే ప్రత్యామ్నాయాలు.

ప్రశ్న మొదటి వాక్యాన్నే తీసుకుంటే, ‘గత రెండు వారాలలో కింది సమస్యల ద్వారా మీరు ఎంత తరచుగా ఇబ్బంది పెట్టబడ్డారు?’ అనే అనువాదం రావచ్చు. తెలుగు ఇంట్లో ఎవరూ పలకని వాక్యమిది. కాని ‘ద్వారా’, ‘ఎంత తరచుగా’, ‘పెట్టబడ్డారు’ అనే మూడూ ఇంగ్లీషు నిర్మాణానికి అచ్చులు కాబట్టి తిరుగు పాఠం మూలంతో అక్షరాలా కలుస్తుంది. ‘పోయిన రెండు వారాల్లో ఈ ఇబ్బందులు మీకు ఎన్ని రోజులు కలిగాయి?’ అని రాస్తే వృద్ధురాలికీ అర్థమవుతుంది. తిరుగు పాఠంలో మాత్రం ‘ఎంత తరచుగా’ కాస్తా ‘ఎన్ని రోజులు’ అవుతుంది. పోల్చేవారు దాని కింద గీత గీస్తారు. జవాబుల మెట్లన్నీ రోజుల్లోనే ఉన్నాయి కనుక ఇక్కడ అర్థనష్టం లేదని చెప్పగలిగేది తెలుగూ ప్రశ్నావళీ రెండూ తెలిసినవారే. ‘ఆసక్తి’, ‘నిస్పృహ’ వంటి పదాల విషయమూ ఇంతే. బడిలో, నిఘంటువులో ఇంగ్లీషు పదంతో జతపడిన మాటలివి. ఇద్దరు ద్విభాషులూ ఒకే బడి చదువు చదివినవారే కనుక జత తప్పదు. ‘ఏ పని మీదా మనసు పోవడం లేదు’ అనే నిఖార్సయిన తెలుగు మాట మాత్రం ఇంగ్లీషులో వింతగా తిరిగి వస్తుంది. వ్యావహారిక వాదం గెలిచి దశాబ్దాలు గడిచినా ఈ ఒక్క ప్రక్రియలో గ్రాంథికానికి ఒక మౌన సహాయకుడు మిగిలాడనడం అతిశయోక్తి కాదు.

చెడిన వాక్యాన్ని బాగుచేసి చదవడానికి ఆరవ అంశం మంచి ఉదాహరణ. తన వల్ల కుటుంబానికి ఆశాభంగం కలిగిందనే భావాన్ని ఇంగ్లీషులో ‘కిందికి వదలడం’ అనే నుడికారంతో చెబుతారు. దాన్ని మాటకు మాటగా ‘కుటుంబాన్ని కిందికి దించాను’ అని రాసినా, ఇంగ్లీషు బాగా వచ్చిన రెండవ అనువాదకుడు వెనకున్న నుడికారాన్ని పోల్చుకుని సరిగ్గా దాన్నే రాస్తాడు. లోపం మాయమవుతుంది. సరైన తెలుగు వెతికితే రెండు దారులు కనిపిస్తాయి: ‘ఇంట్లోవాళ్ల ఆశ వమ్ము చేశాను’, ‘ఇంట్లోవాళ్లకు తలవంపులు తెచ్చాను’. మొదటిది ఇంటిలోపలి బాధ. రెండవది ఊరి కళ్ల ముందు పరువు పోవడం. మూలానికి మొదటిదే దగ్గర. రెండవది వాడితే పరీక్షలో తప్పినవాడు, అప్పులపాలైనవాడు ఔనంటారు గాని, బయటికి ఏ అపకీర్తీ లేకుండా లోలోపల తనను తాను నిందించుకునేవారు కాదనవచ్చు. రెండూ ఇంగ్లీషులోకి దాదాపు ఒకేలా తిరిగి రాగలవు.

ఇవన్నీ ప్రశ్నల్లోని చిక్కులు. జవాబుల మెట్లలో చిక్కు ఇంకా ప్రమాదకరం. ఎందుకంటే అది తొమ్మిది అంశాలకూ ఒకేసారి సోకుతుంది. ఒక మార్కు వచ్చే రెండవ మెట్టును ‘అనేక రోజులు’ అని అనువదించారనుకుందాం. ‘అనేక’ అంటే వ్యుత్పత్తి ప్రకారం ఒకటి కానిది. నిఘంటువు ప్రకారం మూలపదానికి సరిగ్గా సరిపోతుంది, తిరుగు పాఠంలో ఆ పదమే వస్తుంది. కాని వాడుకలో ‘అనేక’ అంటే చాలా ఎక్కువ. పదిహేను రోజుల్లో తొమ్మిది రోజులు నిద్ర పట్టని మనిషికి ‘అనేక రోజులు’, ‘సగం కంటే ఎక్కువ రోజులు’ అనే రెండూ వినిపిస్తే మొదట విన్నదాన్నే తనదనుకోవచ్చు. అలాంటి రోగికి ఐదు అంశాల్లో ఇబ్బంది ఉండి, మిగతా నాలుగు లేవనుకుంటే రావలసినవి 10 మార్కులు. ‘అనేక’ వల్ల వచ్చేవి 5. మరింత పరీక్షకు వెళ్లవలసిన వ్యక్తి ఇంటికి వెళతాడు. ‘కొన్ని రోజులు’ అని ఉంటే ఈ మెట్టు మెట్టుగానే నిలిచేది.

దీనికి విరుద్ధంగా తిరుగు అనువాదం లేని తప్పును చూపే సందర్భమూ ఉంది. నాలుగవ అంశం అలసటనూ శక్తి లేకపోవడాన్నీ అడుగుతుంది. ‘శక్తి తక్కువగా ఉండటం’ అనేది నిఘంటువు తెలుగు. జనం అనే మాట ‘ఓపిక లేదు’, ‘నీరసంగా ఉంది’. ‘ఓపిక’కు సహనమనే అర్థమూ ఉంది కనుక రెండవ అనువాదకుడు అది ఎంచుకుంటే తిరుగు పాఠంలో అలసట పోయి అసహనం వస్తుంది. అప్పుడు తెలుగు రాని పరిశోధకుడు మంచి మాటను కొట్టేసి ‘శక్తి’ని కూర్చోబెట్టమంటాడు. పక్కనే ‘అలసట’ ఉన్న వాక్యంలో ‘ఓపిక’ ఏ అర్థంలో వచ్చిందో తెలుగువారికి సందేహం కలగదు. అయినా సందేహానికి తావు వద్దనుకుంటే ‘నీరసం’ ఉండనే ఉంది.

బ్రిస్లిన్ వ్యాసం వెలువడిన సంవత్సరమే ఆస్వాల్డ్ వెర్నర్, డొనాల్డ్ క్యాంప్‌బెల్ ఒక సాహసోపేతమైన ప్రతిపాదన చేశారు. మూలాన్ని స్థిరమని భావించకుండా, అనువాదంలో ఇమడని మూలవాక్యాన్నే మార్చుకోవాలని వారు సూచించారు. ‘కిందికి వదలడం’ తెలుగులో ఇమడకపోతే ఇంగ్లీషు ప్రశ్ననే సాదా మాటల్లో తిరగరాయడం దీని సారాంశం. కాని అప్పటికే వేలమందిపై పరీక్షించిన ప్రశ్నావళి విషయంలో మూలాన్ని కదిలించడానికి ఎవరూ ఒప్పుకోరు. కాబట్టి కొత్తగా తయారయ్యే సాధనాలకే ఈ మార్గం పనికివచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలో చేపట్టిన జీవన నాణ్యత ప్రశ్నావళి అలాంటిది. దాని తొలి 15 కేంద్రాల్లో మద్రాసు, న్యూఢిల్లీ ఉన్నాయి. తెలుగు కేంద్రం లేదు. అక్కడ ప్రశ్నలనే పలు కేంద్రాలు కలిసి రూపొందించాయి. మెట్ల పేర్ల విషయంలో అనువాదాన్ని దాదాపుగా పక్కన పెట్టారు. రెండు చివరలను మాత్రం అనువదించి, మధ్య స్థాయిలను సూచించే పదిహేను స్థానిక పదాలను సేకరించారు. ఒక్కొక్క పదం 100 మిల్లీమీటర్ల గీతపై ఎక్కడ నిలుస్తుందో స్థానికుల చేతనే గుర్తు పెట్టించారు. 25, 50, 75 దగ్గర పడిన పదాలను మెట్లుగా తీసుకున్నారు. ‘అనేక’, ‘కొన్ని’, ‘చాలా’, ‘ఒక మోస్తరు’ అనే మాటల్ని ఇలా గీత మీద పెట్టిస్తే వాటి అసలు తావులు నిఘంటువు సాయం లేకుండానే తెలుస్తాయి. ‘ఒక మోస్తరు’ అన్ని ప్రాంతాల్లోనూ ఒకే చోట నిలుస్తుందా అనే ప్రశ్నకూ ఈ గీతే సమాధానం చెప్పాలి.

2000 తరువాతి మార్గదర్శకాలు తిరుగు అనువాదాన్ని తొలగించలేదు గాని దాని చుట్టూ వేరే మెట్లు కట్టాయి. డొర్కాస్ బీటన్, ఆమె సహచరుల పద్ధతిలో ఇద్దరు విడివిడిగా తెలుగు వంటి లక్ష్యభాషలోకి అనువదించి, భేదాలను లిఖితపూర్వకంగా పరిష్కరించుకుంటారు. ఇద్దరు తిరిగి అనువదిస్తారు. పాఠాలన్నిటినీ ఒక సంఘం చూస్తుంది. చివర 30 నుంచి 40 మందిపై ప్రయోగించి, ప్రతి ప్రశ్నకు వారు ఏమి అర్థం చేసుకున్నారో అడుగుతారు. 2002లో మొదలైన ఐరోపా సామాజిక సర్వే అయితే జానెట్ హార్క్‌నెస్ ప్రభావంతో తిరుగు అనువాదాన్ని ప్రధాన పరీక్షగా తీసుకోక, లక్ష్యభాష తెలిసినవారి సమష్టి చర్చకు ఆ స్థానం ఇచ్చింది.

పైన చూసిన ఉదాహరణల్లో ‘అనేక రోజులు’ దోషం ఈ మెట్లన్నిటిలో బయటపడే చోటు ఒక్కటే: సమాధానం చెప్పిన వ్యక్తిని ‘ఎన్ని రోజులనుకుని అలా అన్నారు?’ అని అడిగే చోటు. ‘ఓపిక’ను కాపాడేది సంఘంలో తెలుగు తెలిసిన సభ్యుడి అభ్యంతరం, అది పత్రంలో నమోదైతేనే. తెలుగులో ప్రచురితమయ్యే ప్రశ్నావళులతో పాటు తిరుగు అనువాదం చేశామన్న ఒక్క వాక్యం కాక, ఏ పదాన్ని ఎందుకు వదిలారో, ప్రయోగదశలో ఎవరేమి అర్థం చేసుకున్నారో చెప్పే నమోదు కూడా వెలువడితే, పై రెండు మాటల వంటి వాటి అర్థపరిధిపై తెలుగు భాషాశాస్త్రానికి కూడా మరెక్కడా దొరకని సామగ్రి చేరుతుంది.