రిథమ్ గేముల్లో కాలగణన: టీవీ ధ్వని ఆలస్యం, దాని దిద్దుబాటు

పాట లయకు అనుగుణంగా మీటలు నొక్కించి, ఆ నొక్కులు ఎంత సరిగ్గా పడ్డాయో లెక్కగట్టే వీడియో గేములను రిథమ్ గేములంటారు. మసాయా మత్సురా రూపకల్పనలో 1996లో జపాన్‌లో ప్లేస్టేషన్‌పై విడుదలైన 'పారప్పా ద రాపర్' ఈ కోవకు తొలి ప్రసిద్ధ ఉదాహరణ కాగా, కొనామీ సంస్థ 1997లో 'బీట్‌మేనియా'ను, 1998లో 'డాన్స్ డాన్స్ రెవల్యూషన్'ను ఆర్కేడ్లలోకి తెచ్చి ఈ ప్రక్రియకు స్థిరమైన రూపమిచ్చింది. ఆర్కేడ్ యంత్రంలో తెర, స్పీకర్లు, మీటలు అన్నీ తయారీదారు అమర్చినవే కనుక, వాటి మధ్య ఉండే కొద్దిపాటి ఆలస్యాన్ని ముందే లెక్కలోకి తీసుకునే వీలుండేది.

ఈ గేముల తీర్పంతా 'టైమింగ్ విండో' అనే భావనపై నిలుస్తుంది. స్వరం పడవలసిన క్షణానికి అటూ ఇటూ ఎంత తేడా వరకు నొక్కును అంగీకరించాలో నిర్ణయించే కాలపు హద్దు అది. 'డాన్స్ డాన్స్ రెవల్యూషన్' పద్ధతిని అనుసరించి ఔత్సాహికులు రూపొందించిన 'స్టెప్‌మేనియా'లో సహజంగా అమర్చి ఉండే హద్దుల ప్రకారం, తేడా 22.5 మిల్లీసెకన్లలోపు ఉంటే అత్యుత్తమమైన 'మార్వలస్', 45లోపు 'పర్ఫెక్ట్', 90లోపు 'గ్రేట్', 135లోపు 'గుడ్' దక్కుతాయి. సెకనుకు 60 చిత్రాలు చూపే తెరపై ఒక్కో చిత్రం దాదాపు 16.7 మిల్లీసెకన్లు నిలుస్తుంది కనుక, అత్యుత్తమ శ్రేణికి ఉన్న వెసులుబాటు ఇటు ఒకటిన్నర చిత్రం, అటు ఒకటిన్నర చిత్రం కూడా లేదన్నమాట.

పాత పిక్చర్ ట్యూబ్ టీవీ తనకందిన సంకేతాన్ని అందినట్టే గీత వెంట గీతగా తెరపై గీసేది కనుక ఇళ్లలోనూ మొదట్లో పెద్ద చిక్కు రాలేదు. హార్మోనిక్స్ సంస్థ చేసిన 'గిటార్ హీరో' 2005లో వచ్చి విశేషాదరణ పొందిన కాలంలోనే చదును తెరల టీవీలు ఇళ్లలోకి ప్రవేశించడంతో పరిస్థితి మారింది. ఈ టీవీలు ప్రతి చిత్రాన్నీ జ్ఞాపకంలో నిలిపి, తెర కొలతకు సాగదీసి, రంగులు దిద్ది, కదలికను నునుపు చేసి ఆ తర్వాతే చూపుతాయి. మనిషి పెదవుల కదలికకు మాట అతకడం కోసం ధ్వనిని కూడా దాదాపు అంతసేపు ఆపి వదులుతాయి. సినిమా చూసేవారికి ఈ ఏర్పాటు మేలే చేస్తుంది. ఆటగాడి విషయంలో మాత్రం గేము తీర్పు చెప్పేది తన లోపలి గడియారాన్ని బట్టి, ఆటగాడు వేలు కదిపేది చెవికి చేరిన ధ్వనిని బట్టి కనుక, ఆ రెంటి మధ్య ఎడం ఏర్పడుతుంది.

ఒక టీవీలో చిత్రం 50, ధ్వని 80 మిల్లీసెకన్లు ఆలస్యమవుతున్నాయనుకుందాం. చెవిని నమ్ముకుని, 15 మిల్లీసెకన్లకు మించి తప్పని నేర్పరి ఆటగాడి నొక్కులు గేము లెక్కలో 65 నుంచి 95 మిల్లీసెకన్ల ఆలస్యంతో నమోదై, కొన్ని 'గ్రేట్'గా, కొన్ని 'గుడ్'గా తేలతాయి తప్ప, అతని నైపుణ్యానికి దక్కవలసిన 'మార్వలస్' ఒక్కటీ రాదు. కంటిని నమ్మితే తప్పు 50కి తగ్గుతుంది గానీ, చూపు ఒక లయను, చెవి మరొక లయను సూచిస్తుండగా చేయి నిలకడగా ఆడదు. ఇది చేతి లోపమా, టీవీ లోపమా అన్నది తేడాల తీరే చెబుతుంది: నొక్కులన్నీ ఒకే పక్కకు, ఇంచుమించు ఒకే మోతాదులో జరిగి ఉంటే అది పరికరాల ఆలస్యం, సరైన క్షణానికి రెండు పక్కలా చెల్లాచెదురుగా ఉంటే సాధన లోపం.

దీనికి గేముల రూపకర్తలు కనుగొన్న మార్గం 'కాలిబ్రేషన్', అంటే ఆలస్యాన్ని కొలిచి లెక్కలో సరిచేయడం. పై ఉదాహరణలో గేము తన తీర్పును 80 మిల్లీసెకన్లు వెనక్కి జరిపి, చిత్రాన్ని మరో 30 మిల్లీసెకన్లు నిలిపి చూపితే కన్ను, చెవి, తీర్పు మూడూ ఒకచోట కలుస్తాయి. కొలిచే పని సాధారణంగా ఆటగాడి చేతికే అప్పగిస్తారు. ధ్వనిని మాత్రమే వింటూ ఒకసారి, చిత్రాన్ని మాత్రమే చూస్తూ మరొకసారి నొక్కమంటారు. అయితే మెట్రోనోమ్‌తో పాటు వేలితో తట్టే మనిషి తెలియకుండానే దెబ్బకు కొన్ని మిల్లీసెకన్లు ముందే తట్టడం పరిశోధనల్లో పదేపదే కనబడిన విషయం కనుక, ఈ కొలతలో మానవ స్వభావం కూడా కలుస్తుంది. 2008లో వచ్చిన 'రాక్ బ్యాండ్ 2' గిటార్‌లోనే కాంతిని పసిగట్టే సాధనాన్ని, మైకును అమర్చి, టీవీ ముందు పట్టుకుంటే పరికరమే ఆలస్యాన్ని కొలుచుకునేలా చేయడం ఈ చరిత్రలో అత్యంత తెలివైన పరిష్కారం.

అయినా కాలిబ్రేషన్‌కు దాటరాని హద్దు ఒకటుంది. 'గిటార్ హీరో'లో గిటార్ వాద్యం పాటతోపాటే సాగిపోతూ, ఆటగాడు తప్పినప్పుడు మాత్రమే ఆగుతుంది. 'బీట్‌మేనియా'లోనైతే చాలా స్వరాలు మీట నొక్కినప్పుడే పుడతాయి. ఇంకా జరగని నొక్కు ధ్వనిని ముందుగా పంపే ఉపాయం ఏ గేముకూ లేదు గనుక, తీర్పును ఎంత సరిదిద్దినా ఆటగాడు పలికించిన స్వరం నేపథ్య సంగీతానికి 80 మిల్లీసెకన్లు వెనకబడే వినిపిస్తుంది. కనుక ముందుగా ఆలస్యాన్నే తగ్గించాలి: టీవీలో 'గేమ్ మోడ్' ఎంచుకోవాలి, బ్లూటూత్ స్పీకర్లకు బదులు తీగతో కలిపే హెడ్‌ఫోన్లు వాడాలి, మిగిలిన ఆలస్యాన్ని ఆ తర్వాతే కాలిబ్రేషన్‌తో సరిచేయాలి; టీవీ అమరికనో స్పీకర్‌నో మార్చిన ప్రతిసారీ దాన్ని మళ్లీ కొలవాలి.